పూర్వ పరిశోధనల సమీక్షలో "పేర్కొన్నారు… పేర్కొన్నారు… అలాగే… కాగా…": తరచుగా అడిగే ప్రశ్నలు

థీసిస్ రెండో అధ్యాయం దగ్గర ఇరుక్కున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలే ఇవి. కొన్ని నా సొంత అధ్యాయం ఎర్ర ఇంకుతో నిండి తిరిగొచ్చినప్పుడు నన్ను నేను వేసుకున్నవి. ఉదాహరణ మొత్తం ఒకే అంశం మీద నడుస్తుంది: ద్రావిడ భాషా కుటుంబంలో తెలుగు చోటు ఎక్కడ అన్నది. అందులో వచ్చే ఎల్లిస్, కాల్డ్‌వెల్, కృష్ణమూర్తి, కొలిపాకం ద్రావిడ భాషల మీద పనిచేసినవాళ్లు. మీది చరిత్రైనా, అర్థశాస్త్రమైనా, థీసిస్ ఇంగ్లిష్‌లో రాస్తున్నా పని తీరు ఇదే. పేర్లూ సంవత్సరాలూ మారతాయి, అంతే.

"సాహిత్య సమీక్ష" అనకుండా ఇంత పొడుగు పేరెందుకు?

తెలుగు శాఖలో సాహిత్య సమీక్ష అంటే కవిత్వం మీద రాసే విమర్శ అనుకుంటారు. ఇక్కడ మాట్లాడేది మీకంటే ముందు ఈ విషయం మీద పనిచేసినవాళ్లు ఏం తేల్చారు, ఏం వదిలేశారు అని చెప్పే అధ్యాయం గురించి. ఇక ముందుకు "సమీక్ష" అనే అంటాను.

మా గైడు "ఇది సమీక్ష కాదు, హాజరు పట్టీ" అన్నారు. అసలు తప్పెక్కడుంది?

నాకూ దాదాపు ఇదే మాట పడింది. ముందు ఆ హాజరు పట్టీ ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూద్దాం, ఎందుకంటే రాసినవాళ్లకు అది కనపడదు, చదివేవాళ్లకే తెలుస్తుంది.

> ఎల్లిస్ (1816) తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని పేర్కొన్నారు. అలాగే కాల్డ్‌వెల్ (1856) ద్రావిడ భాషలు ఒక కుటుంబానికి చెందినవని పేర్కొన్నారు. అలాగే కృష్ణమూర్తి (1961) తెలుగు గోండి, కువి వంటి భాషలకు దగ్గరదని అభిప్రాయపడ్డారు. కాగా కృష్ణమూర్తి (2003) తెలుగును దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో చేర్చారు. మరోవైపు కొలిపాకం తదితరులు (2018) ద్రావిడ భాషా కుటుంబం వయసు సుమారు 4500 సంవత్సరాలని పేర్కొన్నారు.

ఐదు వాక్యాలు. ఒక్కటీ తప్పు కాదు, వ్యాకరణ దోషం లేదు, సంవత్సరాలు సరిగానే ఉన్నాయి. అయినా చదువుతుంటే పిల్లలు పేరు పిలవగానే లేచి "ప్రెజెంట్ సార్" అని కూర్చున్నట్టే ఉంది. పేరు, బ్రాకెట్‌లో సంవత్సరం, మధ్యలో ఒక విషయం, చివర "అని పేర్కొన్నారు". మన భాషలో క్రియ వాక్యం చివరికి వస్తుంది కాబట్టి ఈ విసుగు రెండు కొసల్లోనూ తగులుతుంది: మొదట్లో పేరు, చివర్లో "న్నారు". ఇంగ్లిష్‌లో ఒక చోటే వినపడే దరువు తెలుగులో రెండు చోట్ల వినపడుతుంది.

అసలు తప్పు మాత్రం వాక్యంలో లేదు. నోట్సు రాసుకున్న తీరులో ఉంది. ఒక్కో పుస్తకానికీ ఒక్కో కార్డు రాసుకుని, ఆ కార్డులను వరసగా పేర్చి టైపు చేశారు. అందుకే ప్రతి వాక్యానికీ కర్త ఆ కార్డు మీది పేరే అయింది. తెలుగు చోటు ఎక్కడ అన్న ప్రశ్న ఏ వాక్యానికీ కర్త కాలేదు.

"పేర్కొన్నారు" బదులు "వెల్లడించారు", "వివరించారు", "నిరూపించారు" అని మార్చుకుంటూ పోతే సరిపోదా?

సరిపోదు. పైగా అది ఇంకో చిక్కు తెస్తుంది. అందరూ మొదట చేసేది ఇదే, పర్యాయపదాల జాబితా ఒకటి పక్కన పెట్టుకుని వరసగా దించుతారు. ఆ క్రియలు పర్యాయపదాలు కావు. ఒక్కోటీ ఆ రచయిత చేసిన పని ఏమిటో చెప్పే తీర్పు.

"పేర్కొన్నారు" అంటే ఆ మాట వాళ్ల పుస్తకంలో ఉంది, అంతవరకే. "వాదించారు" అంటే ఎదురు వాదం ఒకటి ఉంది, దానికి జవాబుగా కారణాలు ఇచ్చారు. "ప్రతిపాదించారు" అంటే కొత్త ఏర్పాటు ఒకటి ముందు పెట్టారు, అది ఇంకా నిలబడాలి. "నిరూపించారు" అంటే ఇక చర్చ అయిపోయిందని మీరే సంతకం పెట్టారన్నమాట. 1961 నాటి వర్గీకరణను కృష్ణమూర్తి "నిరూపించారు" అని రాసి, తర్వాతి వాక్యంలో ఆయనే దాన్ని మార్చుకున్నారని రాస్తే, వైవాలో మొదటి ప్రశ్న అదే అవుతుంది. విసుగు పోగొట్టడానికి మార్చిన ఒక్క క్రియ మీ మెడకు చుట్టుకుంటుంది.

"వెల్లడించారు" పత్రికల మాట. దాచిపెట్టింది బయటపెట్టినప్పుడు వాడతారు. కాల్డ్‌వెల్ ఏమీ దాచలేదు.

కాలం కూడా చూసుకోండి, దీన్ని ఎవరూ చెప్పరు. "అన్నారు" అంటే ఆ రోజు అన్న మాట, "అంటారు" అంటే ఇప్పటికీ నిలిచి ఉన్న అభిప్రాయం. రచయిత తర్వాత వదిలేసుకున్న అభిప్రాయానికి "అన్నారు" నప్పుతుంది, చివరిదాకా పట్టుకున్నదానికి "అంటారు" నప్పుతుంది. ఆ చిన్న తేడాతోనే సగం జోడింపు పని అయిపోతుంది, "కాగా" అక్కర్లేకుండా.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆ పేరాను ప్రింటు తీసుకుని, కంప్యూటర్ మూసేసి, ప్రతి రెండు వాక్యాల మధ్యా మార్జిన్‌లో ఒక చిన్న వాక్యం పెన్సిల్‌తో రాయండి: రెండోవాళ్లు మొదటివాళ్ల పనిని ఏం చేశారు? పెంచారా, సరిదిద్దారా, కాదన్నారా, వేరే దారిలో వెళ్లి అక్కడికే చేరారా, అసలు ప్రశ్ననే మార్చారా? "అలాగే" అని మాత్రం రాయొద్దు. పూర్తి వాక్యం రాయాలి, మీకు మాత్రమే అర్థమయ్యే భాషలో రాసినా పరవాలేదు.

పై పేరాకు నేను చేస్తే ఇలా వచ్చింది.

ఎల్లిస్ నుంచి కాల్డ్‌వెల్‌కు: ఎల్లిస్ ప్రధానంగా మాటలూ ధాతువులూ పోల్చాడు. కాల్డ్‌వెల్ అదే పోలికను వ్యాకరణం మొత్తానికి, ఇంకా ఎక్కువ భాషలకు పెంచాడు. అంటే విస్తరణ.

కాల్డ్‌వెల్ నుంచి 1961కి: ప్రశ్నే మారిపోయింది. అప్పటిదాకా "కుటుంబం ఉందా", ఇప్పుడు "కుటుంబంలో ఏ కొమ్మ".

1961 నుంచి 2003కి: ఒకే మనిషి తన మాట తనే సవరించుకున్నాడు. ఏది మారింది? తెలుగుతో జట్టు కట్టిన భాషలు మారలేదు. ఆ జట్టు ఎవరికి తోబుట్టువు అన్నది మారింది.

2003 నుంచి 2018కి: ఇక్కడ నా పెన్సిల్ ఆగిపోయింది. కొమ్మ గురించి మాట్లాడుతుంటే వయసు ఎందుకొచ్చింది?

ఆ ఆగిపోవడమే ఈ పద్ధతిలో దొరికే లాభం. అక్కడ "మరోవైపు" అని రాసి ఉంది, కానీ అటువైపు ఏమీ లేదు. జోడించే మాట కుదరనప్పుడు మాట మార్చడం కాదు, ఆ మూలం నుంచి మీరు తీసుకున్న విషయాన్ని మార్చాలి. 2018 వ్యాసం 4500 ఏళ్లతో పాటు ఇంకో సంగతి కూడా చెప్పింది: ఉత్తర, మధ్య, తమిళ కన్నడాలున్న దక్షిణ ఒకటి, తెలుగు జట్టు ఉన్న దక్షిణ రెండు అనే నాలుగు ప్రధాన శాఖలూ వాళ్ల లెక్కలో తేలాయి, కానీ ఆ శాఖలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయన్నది మాత్రం చాలా అనిశ్చితంగా మిగిలింది. మన పేరాకు కావలసింది ఇదే. వయసు సంగతి పత్రికల్లో ఎక్కువ కనపడింది కాబట్టి కార్డు మీదికి అదే ఎక్కింది.

సరే, సరిచేసిన పేరా చూపించండి.

> తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదన్న వాదన 1816 నాటికే అచ్చయింది: కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణంలో చేరిన వ్యాసంలో ఎల్లిస్ తెలుగు ధాతువులను తమిళ, కన్నడ ధాతువుల పక్కన పెట్టి చూపించారు. ప్రధానంగా మాటల మీద నడిచిన ఆ పోలికను వ్యాకరణం మొత్తానికి, మరిన్ని భాషలకు విస్తరించిన పని కాల్డ్‌వెల్‌ది (1856). కుటుంబం ఉందా లేదా అన్న ప్రశ్న దాంతో వెనక్కి వెళ్లింది గాని, ఆ కుటుంబంలో తెలుగు ఎవరికి దగ్గర అన్నది మిగిలిపోయింది. మిగిలిన ఆ ప్రశ్నకు కృష్ణమూర్తి రచనల్లో రెండు సమాధానాలు కనిపిస్తాయి. 1961లో తెలుగును గోండి, కొండ, కుయి, కువి భాషలతో కలిపి మధ్య ద్రావిడంలో ఉంచారు. 1970లలో ఆ జట్టును చెదరగొట్టకుండా దాని చోటు మార్చారు: తమిళ కన్నడాలున్న శాఖకూ ఈ జట్టుకూ ఒక ఉమ్మడి పూర్వదశ ఉందంటారు (2003). తమిళ "ఉరల్"కు తెలుగులో "రోలు", "ఇరండు"కు "రెండు" రావడం వంటి వర్ణవ్యత్యయం, అంటే మాటలో ధ్వనులు చోట్లు మార్చుకోవడం, ఈ జట్టుకు పెద్ద ఆనవాలు. అయితే ఈ ఆనవాలు జట్టు లోపలి బంధాన్ని చూపుతుంది గాని, జట్టుకూ దక్షిణ శాఖకూ మధ్య ఉన్న బంధాన్ని చూపదు. ఆ రెండో బంధాన్నే 2018 నాటి గణాంక అధ్యయనం తేల్చలేకపోయింది: 20 భాషల ప్రాథమిక పదజాలంతో చేసిన ఆ పనిలో నాలుగు ప్రధాన శాఖలూ కనిపించాయి, శాఖల మధ్య సంబంధాలు మాత్రం అనిశ్చితంగానే మిగిలాయి (కొలిపాకం తదితరులు, 2018).

ఇప్పుడు లెక్కపెట్టండి. "పేర్కొన్నారు" ఒక్కసారి కూడా లేదు, దాన్ని తీసేయాలని కూర్చుని తీసింది కాదు, అవసరమే రాలేదు. "అయితే" ఒక్కసారి వచ్చింది, అది నిజంగా అడ్డం తిరిగిన చోట. మిగతా జోడింపులన్నీ ఎక్కడున్నాయో చూడండి: "ఆ పోలికను", "దాంతో", "మిగిలిన ఆ ప్రశ్నకు", "ఆ జట్టును", "ఈ ఆనవాలు", "ఆ రెండో బంధాన్నే". ముందు వాక్యం ఆఖర్న దించిన బరువును తర్వాతి వాక్యం మొదట్లోనే ఎత్తుకుంది. నడక ఆగకపోవడానికి కారణం అదే.

ఇంకోటి కూడా గమనించే ఉంటారు, పేరా పొడుగైంది. హాజరు పట్టీ పొట్టిగా ఉంటుంది, సంబంధాలు చెప్పాలంటే చోటు కావాలి. ఆ చోటు కోసం పక్క పేరాలో రెండు మూడు అనవసరపు మూలాలు తీసేయాల్సి రావచ్చు. తీసేయండి.

"ఈ", "ఆ" అన్నారు కదా, మరి "ఇది", "దీనిని" వాడితే?

ఒంటరి "ఇది" వద్దు. "ఇది ముఖ్యమైనది" అని మొదలైన వాక్యంలో "ఇది" ఏది? వ్యాసమా, వర్గీకరణా, రచయిత వాదమా? చదివేవాళ్లు వెనక్కి వెళ్లి వెతకాలి. "ఈ వర్గీకరణ", "ఆ పోలిక", "ఈ సవరణ" అని పక్కన ఒక నామవాచకం పెడితే చాలు. పైగా ఆ నామవాచకం ఎంచుకునేటప్పుడు ముందువాళ్లు చేసిన పనికి మీరే పేరు పెట్టాలి కాబట్టి, అర్థం కాకుండా రాసిన చోటు అక్కడే బయటపడుతుంది. "ఈ సవరణ" అనాలా "ఈ తిరస్కరణ" అనాలా అని పది నిమిషాలు తేల్చుకోలేకపోతే ఆ వ్యాసం మళ్లీ చదవాలన్నమాట.

"కాగా", "మరోవైపు", "ఇదిలా ఉండగా", "ఈ నేపథ్యంలో": వీటిని ఎప్పుడు వాడాలి?

"ఇదిలా ఉండగా"ను పత్రికలకు వదిలేయండి. సంబంధం లేని రెండు వార్తలను ఒకే కాలమ్‌లో ఇరికించడానికి పుట్టిన మాట అది. థీసిస్‌లో అది కనపడితే "వీటి మధ్య సంబంధం నాకు తెలియదు" అని రాసినట్టే. "ఈ నేపథ్యంలో" కూడా అంతే, ఏ నేపథ్యమో పేరు పెట్టి చెప్పగలిగితే అది అక్కర్లేదు.

"కాగా" ఒకే విషయంలో ఇద్దరు తేడాగా ఉన్నప్పుడు పనికొస్తుంది, అదీ ఒకే వాక్యంలో. వాక్యం మొదట్లో ఒంటరిగా నిలబెట్టి కామా పెడితే వార్తా బులెటిన్ అయిపోతుంది. "మరోవైపు"కు ముందు ఒక వైపు ఉండాలి, అదీ అదే నాణేనికి. "అలాగే" రెండు మూలాలు ఒకే మాటను రెండు వేర్వేరు ఆధారాలతో చెప్పినప్పుడు మాత్రమే. మన పాత పేరాలో ఎల్లిస్, కాల్డ్‌వెల్ మధ్య "అలాగే" తప్పు, ఎందుకంటే రెండోవాడు అదే మాట మళ్లీ చెప్పలేదు, దాన్ని పెంచాడు.

"అయితే"తో జాగ్రత్త. మనకు అది "కానీ" అనే అర్థంలోనూ వస్తుంది, "అలా అయితే" అనే అర్థంలోనూ వస్తుంది. "కృష్ణమూర్తి అభిప్రాయం సరైనదే అయితే ఈ జట్టు" అని పొడుగు వాక్యం మొదలుపెడితే, సగం దూరం పోయాక గాని అది ఏ "అయితే" అన్నది తేలదు. "కానీ" అనే అర్థమైతే వాక్యం మొదట్లో పెట్టండి, షరతు అయితే దాని చుట్టూ వాక్యాన్ని చిన్నది చేయండి.

రచయిత పేరుతో వాక్యం మొదలుపెట్టడమే తప్పా?

కాదు. మనిషే విషయమైనప్పుడు పేరు ముందుకు రావాలి. కృష్ణమూర్తి తన వర్గీకరణను తనే మార్చుకున్నారు అన్నచోట మనిషి ముఖ్యం, ఒకే చేతి నుంచి రెండు సమాధానాలు వచ్చాయన్నదే అక్కడి సంగతి. 20 భాషల పదజాలం లెక్కించినచోట మాత్రం పద్ధతి ముఖ్యం, కాబట్టి పేర్లు బ్రాకెట్‌లోకి, వాక్యం చివరికి వెళ్లాయి. ప్రతిసారీ అడగాల్సింది ఒకటే, ఈ వాక్యం ఎవరి గురించా, దేని గురించా అని.

తెలుగులో ఇంకో వెసులుబాటు ఉంది, దాన్ని మనం సరిగా వాడుకోం. "విస్తరించిన పని కాల్డ్‌వెల్‌ది" అన్నప్పుడు పేరు చివరికి వెళ్లిపోయింది, "న్నారు" కూడా పోయింది. "1961లో వచ్చిన వర్గీకరణ", "పక్కపక్కన పెట్టి చూపిన ధాతువులు" లాంటి విశేషణ రూపాలతో ఒక వాక్యమంత విషయాన్ని ఒక మాట ముందు తగిలించవచ్చు. ఇలాంటివి వాక్యానికి ఒకటి చాలు. మూడు పేర్చితే చదివేవాళ్లు ఊపిరి బిగబట్టాలి.

కాలక్రమం వదిలేయాలా? మా గైడు సంవత్సరాల వరసలోనే రాయమంటారు.

వదిలేయక్కర్లేదు, పై పేరా కూడా 1816 నుంచి 2018 దాకా వరసలోనే ఉంది. సంవత్సరాల వరస ఉండటం తప్పు కాదు, వరస తప్ప ఇంకేమీ లేకపోవడం తప్పు. ఒకరి పని చూసి మరొకరు కదిలిన చోట కాలక్రమమే మంచి దారి. నలుగురు ఒకరికొకరు తెలియకుండా నాలుగు చోట్ల పనిచేసిన చోట మాత్రం అది అబద్ధపు కథ అల్లుతుంది, ముందువాళ్లను చూసి వెనకవాళ్లు రాశారన్న భ్రమ కలిగిస్తుంది. అలాంటప్పుడు పద్ధతిని బట్టి గుంపులు చేయండి: ధ్వనిమార్పుల ఆధారంగా వర్గీకరించినవాళ్లు ఒక పేరా, పదజాలం లెక్కపెట్టినవాళ్లు ఇంకో పేరా. గుంపు లోపల సంవత్సరాల వరస ఉంచితే గైడుగారికీ ఇబ్బంది ఉండదు.

ఒక మూలం ఎక్కడా కుదరట్లేదు. కానీ అది పెద్ద పేరు, లేకపోతే బాగోదు కదా?

ఇదే అంశంలో ఒక ఉదాహరణ. 1983లో కృష్ణమూర్తి, మరో ఇద్దరితో కలిసి ఉపకుటుంబాలను ఎలా విడదీయాలన్న పద్ధతి మీద ఒక వ్యాసం ప్రచురించారు. మారిన మాటలను కాకుండా, ఒకే మూలం నుంచి వచ్చి, ఒక ధ్వనిమార్పు తగలకుండా మిగిలిపోయిన సజాతి పదాలను లెక్కపెట్టడం అందులోని ఆలోచన. దాన్ని తెలుగు చోటు గురించిన పేరాలో "అలాగే కృష్ణమూర్తి తదితరులు (1983)" అని దూర్చేస్తుంటారు. పరీక్షకు తీసుకున్న భాషలు గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ. ఆరింటిలో తెలుగు లేదు.

అంటే దాన్ని తీసేయాలా? రెండు దారులున్నాయి. మీ ప్రశ్న తెలుగు మాత్రమే అయితే తీసేయండి, మొహమాటం వద్దు. లేదా ఆ లేకపోవడాన్నే వాక్యంగా రాయండి: "జట్టులోని మిగతా ఆరు భాషల లోపలి అమరికను 1983 వ్యాసం పరిశీలించింది, ఆ పరీక్షలో తెలుగు లేదు కాబట్టి, జట్టులో దాని చోటుకు ఈ ఫలితం నేరుగా వర్తించదు." ఈ వాక్యం ఒక మూలాన్ని పరిచయం చేసింది, దాని హద్దు చెప్పింది, మీరు పూరించాలనుకుంటున్న ఖాళీని కూడా చూపించింది. ఇది రాయాలంటే వ్యాసం తెరిచి ఏయే భాషలున్నాయో చూడాలి, సారాంశం చదివితే చాలదు. బలహీనమైన జోడింపుల్లో చాలావాటికి వెనక కథ ఇదే, చదవని వ్యాసం.

ఇంకోరకం కూడా ఉంది, వ్యాసం మొత్తం చదివి, చదివినందుకు అన్నీ చెప్పాలనుకోవడం. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషలకు "సిథియన్" భాషలతో చుట్టరికం ఉందని కూడా వాదించాడు. ఆసక్తికరమే. కానీ మన తాడు మీద ఆ బట్ట ఆరేయడానికి చోటు లేదు.

పేరాకూ పేరాకూ మధ్య ఎలా?

వాక్యాలకు చెప్పినదే, కొంచెం పెద్ద కొలతలో. పై పేరా శాఖల మధ్య సంబంధాలు అనిశ్చితంగా మిగిలాయన్న చోట ఆగింది. తర్వాతి పేరా "ఇప్పుడు ధ్వనిమార్పుల గురించి చూద్దాం" అని మొదలైతే తలుపు వేసి మళ్లీ తీసినట్టుంటుంది. "పదజాలం తేల్చలేని ఈ బంధానికి ధ్వనిమార్పులు ఎంతవరకు సాక్ష్యమిస్తాయి?" అని మొదలైతే దారి ఒక్కటే అనిపిస్తుంది. ప్రశ్నార్థకం నచ్చకపోతే మామూలు వాక్యంగా మార్చుకోండి. కొందరు పరీక్షకులకు థీసిస్‌లో ప్రశ్నలు గిట్టవు.

పేరా చివర "ఈ విధంగా పలువురు పండితులు తమ అభిప్రాయాలను వ్యక్తం చేశారు" అనే వాక్యం ఉంటే కొట్టేయండి. దాన్ని జోడింపు అనుకుని రాస్తాం గాని, అది ఏమీ జోడించదు.

ఇంగ్లిష్ వ్యాసాల నుంచి నోట్సు రాసుకుంటాను. "సూచించబడింది", "చేత ప్రతిపాదించబడినది" అని వచ్చేస్తోంది.

నోట్సు రాసుకునేటప్పుడే తెలుగులో, అదీ నోటితో చెప్పినట్టు రాసుకోండి. వ్యాసం మూసేసి, పక్కగదిలోని స్నేహితురాలికి చెప్పినట్టు: "తెలుగుకి గోండీకి దగ్గరతనం ఉంది అంటాడు, రోలు రెండు లాంటివి చూపిస్తాడు." ఆ తర్వాత దాన్ని గ్రాంథికం చేయకుండా కాస్త శుభ్రం చేయండి, చాలు. "బడింది" ఎక్కువైతే ఎవరు చేశారన్నది మాయమవుతుంది. సమీక్షలో అసలు కావలసిందే ఎవరు ఏం చేశారన్నది.

ఒకే పద్ధతి ఎన్నిసార్లు వచ్చిందో ఎలా తెలుసుకోవాలి?

యూనికోడ్‌లో టైపు చేస్తే వర్డ్‌లో Ctrl+F కొట్టి "పేర్కొన్నారు" వెతకండి, ఎన్నిసార్లో అదే చెబుతుంది. తర్వాత "అభిప్రాయపడ్డారు", "అలాగే", "కాగా". అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలైతే యూనికోడ్‌లో వెతికినా ఏమీ దొరకదు, తెర మీద తెలుగులా కనిపిస్తున్నా లోపల వేరే అక్షరాలుంటాయి. అదే ఫైలులోని మాటను కాపీ చేసి వెతికే గడిలో అతికించి చూడండి, అదీ కుదరకపోతే కాగితమే దిక్కు.

అంకెకు పరిమితి ఏమీ లేదు. నలభై పేజీల అధ్యాయంలో "పేర్కొన్నారు" పదిహేనుసార్లు విడివిడిగా వస్తే ఎవరికీ పట్టదు, ఒకే పేరాలో నాలుగు వస్తే అందరికీ వినపడుతుంది. అందుకే లెక్క కంటే నాకు నచ్చే పరీక్ష ఇంకోటి. ఒక పేజీ తీసుకుని ప్రతి వాక్యంలో మొదటి మాటనూ చివరి మాటనూ మాత్రమే హైలైటర్‌తో రంగు వేయండి. ఆ రంగు మాటలనే వరసగా పైకి చదవండి. "ఎల్లిస్, పేర్కొన్నారు, అలాగే, పేర్కొన్నారు, అలాగే, అభిప్రాయపడ్డారు." రోగం ఎక్కడుందో చెవికే తెలిసిపోతుంది.

వాక్యాలు కలిపి పొడుగు చేస్తే విసుగు తగ్గుతుందా?

కొన్నిసార్లు. "చేసి, చూపి, పోల్చి" అని క్రియలను గొలుసుకట్టడం మన భాషకు సహజం, కానీ ఆ గొలుసంతా ఒకే కర్తది కావాలి. "ఎల్లిస్ ధాతువులు పోల్చి, కాల్డ్‌వెల్ దాన్ని విస్తరించారు" అని రాస్తే పోల్చింది ఎవరో గందరగోళం. రెండు మూలాలను ఒక వాక్యంలో కలపాలంటే "ఎల్లిస్ పోల్చినదాన్ని కాల్డ్‌వెల్ విస్తరించారు" అనండి.

రేపు సబ్మిషన్. అధ్యాయమంతా తిరగరాసే టైం లేదు. ఒక్క పూటలో ఏం చేయగలను?

టెన్షన్‌లో అన్ని పేజీలూ ముట్టుకోవద్దు. మీ పరిశోధన ప్రశ్నకు దగ్గరగా ఉన్న మూడు పేరాలు తీసుకోండి, సాధారణంగా అవి అధ్యాయం చివర, ఖాళీని చూపించే చోట ఉంటాయి. పరీక్షకులు నిదానంగా చదివేదీ అక్కడే. ఆ మూడింటికి మార్జిన్ పని చేసి తిరగరాయండి. మిగతా పేజీల్లో "అలాగే", "కాగా", "మరోవైపు" వెతికి, పక్కనున్న రెండు వాక్యాలు చదివి, సంబంధం లేనిచోట ఆ మాటను తీసేయండి, ఇంకో మాట పెట్టొద్దు. లేని సంబంధాన్ని ఉందని చెప్పడం కంటే రెండు వాక్యాలు ఊరికే పక్కపక్కన ఉండటం నయం. తిరగరాసిన చోటల్లా సంవత్సరం, పేజీ అంకె పాత ప్రతితో ఒకసారి పోల్చుకోండి. వాక్యాలు అటూ ఇటూ మార్చేటప్పుడు 1961 పక్కన ఉండాల్సిన పేజీ 2003 పక్కకు జారిపోవడం నాకు రెండుసార్లు జరిగింది, రెండోసారి బైండింగ్ అయ్యాక చూసుకున్నాను.